రెప్పల మీది ఊదారంగు

నాకొక చెడ్డ అలవాటుంది. మనిషి ముఖం చూడగానే జరిగిందేమిటో నాకు తెలిసిపోయిందనుకుంటాను. ఇరవై రెండేళ్ళ నర్సు ఉద్యోగం ఈ అలవాటును పోగొట్టకపోగా ఇంకా బలపరిచింది. ఈ దీవుల్లో ఫెరార్‌గంజ్ దగ్గర ట్రంక్ రోడ్డు పక్కనున్న మా ఆరోగ్య కేంద్రంలో అందరూ నన్ను ఎలీసబెతు సిస్టర్ అంటారు. నా వెనక నోటి సిస్టర్ అంటారని కూడా నాకు తెలుసు. నేను పట్టించుకోలేదు. నోరున్న నర్సు ఉంటేనే నోరులేని ఆడవాళ్ళకి న్యాయం జరుగుతుందని నా నమ్మకం. అది గర్వమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

జూన్‌లో, వాన మొదలైన వారం, లవీనా వచ్చింది. మా తెలుగు చర్చి మనిషే. నలభై రెండేళ్ళుంటాయి. సిప్పీఘాట్ ఫారంలో రోజుకూలీగా మిరియపు తీగల నర్సరీలో పని. భర్త యిర్మియా వండూర్ జెట్టీలో టూరిస్టు పడవ మీద పనిచేస్తాడు. ఆ రోజు భార్య చంక కింద చెయ్యేసి పట్టుకుని లోపలికి తెచ్చాడు. ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, ఏమైందని నేను ఆమెను అడిగితే జవాబు తను చెప్పాడు.

లవీనా రెండు పైరెప్పలూ ఉబ్బి ఉన్నాయి. పండిన వంకాయ తొక్క రంగు. నాకు చిన్నప్పుడు మా అమ్మ కళ్ళు గుర్తొచ్చాయి. మా నాన్న చెయ్యి ఎటు పడేదో నాకు బాగా తెలుసు. నా రక్తం ఉడికింది.

"దెబ్బలేనా?" అన్నాను.

"దెబ్బ కాదు దీదీ, కసమ్‌సే, ఒట్టు. ఎండ తగిలితే మంట పుడతంది. దురద కూడాను," అంది లవీనా.

"ఇంకేటి బాధ?"

"మెట్ల కాడ పడిపోనాను. తొడల్లో బలం ఉండట్లేదు. తల దువ్వుకుందారంటే చేతులు పైకి లేవట్లేదు."

మెట్ల దగ్గర పడ్డానని చెప్పే ఆడవాళ్ళను నేను ఎంతమందిని చూశానో. చేతులు లేవడం లేదంటే భుజం మీద కొట్టి ఉంటాడనుకున్నాను. చేతి వేళ్ళ కణుపుల మీద ఎర్రగా, పొలుసులు లేచిన గడ్డల్లాంటి మచ్చలున్నాయి. అవి సబ్బుసోడాకి, ఎరువుకి వచ్చినవని తేల్చేశాను. బల్ల మీదినుంచి లేవడానికి ఆమె రెండు అరచేతులూ మోకాళ్ళ మీద ఆన్చి నెట్టుకుంటూ లేచింది. ఎంత కొట్టాడో పాపం అనుకున్నాను. ప్రతి లక్షణమూ నేను ముందే రాసిపెట్టుకున్న కథలో చక్కగా ఇమిడిపోయింది.

నేను చూడాల్సినవి చూడలేదు. కంటి తెల్లగుడ్డులో రక్తం లేదు. ముట్టుకుంటే నొప్పి లేదు. రెండు కళ్ళకీ ఒకే కొలతలో, కుడి ఎడమ తేడా లేకుండా, ఏ మనిషీ కొట్టలేడు. ఇవన్నీ ఆ రోజే నా కళ్ళ ముందున్నాయి.

యిర్మియాని వరండాలోకి పిలిచాను. "సిగ్గుందా నీకు? ఇంకోసారి ఈమె ఒంటి మీద మచ్చ కనబడితే పోలీసు అవుట్‌పోస్ట్‌కి నేనే ఫోన్ చేస్తాను," అన్నాను. వరుసలో కూర్చున్న పదిమందికీ వినబడేటట్టే అన్నాను.

అతను నెమ్మదస్తుడు. తల దించుకున్నాడు. "నాను ఎప్పుడూ సెయ్యెత్తలేదు సిస్టర్. బీమారీ ఉంది, ఆ జబ్బు ఏటో సూడండి," అన్నాడు.

"చూశాను," అన్నాను.

లోపల డాక్టర్ వీరేంద్ర ఉన్నాడు. కొత్తగా వచ్చిన కుర్రాడు, బయట యాభై మంది. ఇంటి గొడవ కేసు, నేను చూసుకుంటానన్నాను. అతను సరేనన్నాడు. లవీనాకి నొప్పి మాత్రలు, పూతమందు ఇచ్చి పంపేశాను. రిజిస్టర్‌లో భర్త కొట్టి ఉండవచ్చని రాశాను.

అంతటితో ఆగినా బాగుండేది.

మా చర్చిలో శుక్రవారం మధ్యాహ్నం స్త్రీల సమాజం కూడుతుంది. నేను దానికి కార్యదర్శిని. ఎవరికి ఏ కష్టం ఉన్నా చీటీ రాసి బిస్కట్ల డబ్బాలో వేస్తారు. నేను ఒక్కొక్కటీ తీసి చదువుతాను, అందరం ప్రార్థిస్తాం. పేరు చెప్పకూడదన్నది మా నియమం. అయితే దేవుడికి అర్థమయ్యేటట్టు వివరం చెప్పాలంటారు. వివరం చెప్పాక దేవుడికంటే ముందు మా ఆడవాళ్ళకే అర్థమవుతుంది. ఇన్నేళ్ళుగా ఆ సంగతి నాకు తెలియనిది కాదు.

ఆ శుక్రవారం నేనే ఒక చీటీ వేశాను, నేనే తీసి చదివాను. "నర్సరీలో పనిచేసే మన సహోదరి కోసం. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. ఆమె భర్త చేతిని ప్రభువు ఆపాలని." ఆమేన్ అని అందరూ గట్టిగా అన్నారు. నాకు కడుపు నిండింది.

ఆదివారానికల్లా ఊరంతా పాకింది. పాస్టర్ యిర్మియాని పిలిచి కానుక పళ్ళెం పట్టవద్దన్నాడు. లవీనా తమ్ముడు ఫ్రెడ్డీ చేపల వ్యాను నడుపుతాడు. అక్క చేతుల్లో పెరిగినవాడు, అక్కంటే ప్రాణం. వండూర్ జెట్టీకి వెళ్ళి టూరిస్టులందరి ముందూ బావ చెంప పగలగొట్టాడు. యిర్మియా తిరిగి చెయ్యెత్తలేదట. చూశావా, తప్పు చేసినవాడు కాబట్టే ఊరుకున్నాడని నేను నలుగురితో అన్నాను.

ఆ తరువాత వాళ్ళు చర్చికి రాలేదు. మా కేంద్రానికీ రాలేదు. నా బెదిరింపు పనిచేసిందనే అనుకున్నాను.

సెప్టెంబరులో బీపీ, షుగరు సర్వే కోసం ఇల్లిల్లూ తిరుగుతూ వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు చేరవేసి ఉంది. లవీనా నులకమంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయి లేవలేక నవ్వింది.

రెప్పలు అదే రంగులో ఉన్నాయి. అదే వాపు. మూడు నెలలు.

కమిలిన దెబ్బ రెండు వారాలకి పచ్చబడి, పసుపై పోతుంది. అది నర్సింగ్ స్కూలు మొదటి ఏడాదిలో చెబుతారు. సర్వే పుస్తకం గుమ్మంలోనే పెట్టేశాను.

దగ్గరికి వెళ్ళి చూశాను. మెడ చుట్టూ, రెండు భుజాల మీద, వీపు పైన, సరిగ్గా పమిట కప్పుకునేంత మేర ఎర్రగా కందిపోయి ఉంది. గోళ్ళ మొదళ్ళు ఎర్రబడి చిట్లి ఉన్నాయి. మనిషి సగమైపోయింది, పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. మంచినీళ్ళు తాగిస్తే సగం ముక్కులోంచి వచ్చేశాయి.

"ఎన్నాళ్ళనుంచి ఇలా?" అన్నాను.

"మింగుడు పడక నెల అవతంది దీదీ." మాట కూడా ముక్కుతో వస్తోంది. "ఊళ్ళో కాంపౌండర్ సూది ఏస్తే వారం తగ్గీది. మళ్ళీ మామూలే."

"పెద్దాసుపత్రికి ఎందుకెళ్ళలేదు? మా దగ్గరికైనా ఎందుకు రాలేదు?"

"ఈ మొకంతో నన్ను ఎక్కడికి తీసికెళ్ళినా ముందు నువ్వు కొట్టావా అని అడుగుతారని ఆయనకి బయ్యం దీదీ. బస్సులో కూడా అడిగినారు. కేసు పెడితే నన్నెవరు సూస్తారని నానే వద్దన్నాను."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు.

మరునాడు ఉదయం అంబులెన్సులో పోర్ట్‌బ్లెయిర్ తీసుకెళ్ళాను. యిర్మియా నా ఎదురుగా కూర్చుని భార్య తల ఒళ్ళో పెట్టుకున్నాడు. దారంతా నా వైపు చూడలేదు.

చర్మరోగాల డాక్టరు శ్రావణి ఇక్కడే పుట్టిపెరిగిన మనిషి. లవీనాని వెలుతురు వైపు తిప్పి రెప్పలు చూసింది. చేతివేళ్ళు తన చేతిలోకి తీసుకుని, మచ్చలు కణుపుల మీద ఉన్నాయనీ, మధ్యన చర్మం బాగానే ఉందనీ నాకు చూపించింది. భూతద్దంతో గోళ్ళ మొదళ్ళు చూసింది. చేతులు తల మీదికి ఎత్తమంది, లవీనా భుజాల వరకు కూడా ఎత్తలేకపోయింది. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవమంది, కదలలేకపోయింది. అంతా కలిపి ఐదు నిమిషాలు పట్టింది.

"డెర్మటోమయోసైటిస్," అంది. యిర్మియాకి అర్థమయ్యేటట్టు నెమ్మదిగా చెప్పింది. "ఒంటిని కాపాడాల్సిన బలమే పొరపాటున సొంత కండరాల మీద, చర్మం మీద తిరగబడింది. తొడలు, భుజాలు, గొంతు కండరాలు దెబ్బతింటాయి. ఈ రెప్పల రంగు దాని గుర్తు. ఇది అంటుకునేది కాదు, ఎవరూ చేసిందీ కాదు."

ఎవరూ చేసింది కాదన్నప్పుడు యిర్మియా కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎప్పటినుంచి ఉంది?" అని అడిగింది డాక్టరు.

నేను నోరు తెరిచేలోపు యిర్మియా అన్నాడు. "మాదే లేటు మేడమ్. మాకు తెలీక ఇంట్లో ఉండిపోనాం."

నా తప్పు దాచాడు. ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు ఇంకెప్పుడూ కలగలేదు. "కాదు మేడమ్," అన్నాను. "జూన్ మొదటి వారంలోనే తీసుకొచ్చాడు. దెబ్బలని నేనే తిట్టి పంపేశాను. డాక్టరు గారిని కూడా చూడనివ్వలేదు."

శ్రావణి డాక్టరు నా ముఖం చూసింది. కోప్పడలేదు. కాగితం మీద జూన్ అని రాసుకుంది.

రక్తపరీక్షలో కండరాలు కరిగి బయటికొచ్చే పదార్థం మామూలుకంటే ముప్ఫై రెట్లు ఉంది. పెద్ద మోతాదులో స్టిరాయిడ్ మొదలుపెట్టారు. అయితే పెద్దవాళ్ళలో ఈ జబ్బు కొందరికి లోపల దాగిన క్యాన్సర్ వల్ల వస్తుందని, పొట్ట ఉబ్బింది కాబట్టి వెతకక తప్పదని డాక్టరు చెప్పింది. స్కాన్‌లో ఎడమ అండాశయంలో గడ్డ, పొట్టలో నీరు బయటపడ్డాయి. ఆపరేషన్‌కి చెన్నై పంపాలన్నారు. గడ్డ తీసేస్తే ఒక్కోసారి ఈ రెప్పలు, కండరాలు కూడా కుదుటపడతాయట.

నేను డాక్టరుని పక్కకి పిలిచి అడిగాను. "జూన్‌లో వచ్చి ఉంటే?"

"చెప్పలేను సిస్టర్," అంది. "తేడా ఉండేదో లేదో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు ముందున్న ప్రమాదం గొంతు. మింగలేదు, గట్టిగా దగ్గలేదు. నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందు గొంతుకి పనిచెయ్యడానికి వారాలు పడుతుంది. అందాకా ట్యూబే. చుక్క నీళ్ళు కూడా నోటితో వద్దు."

ముక్కులోంచి సన్నని ట్యూబు వేశారు. మంచం తల వైపు ఎత్తు చేశారు. నోటితో ఏమీ ఇవ్వరాదని హిందీలో బోర్డు పెట్టారు. వారం తిరిగేసరికి లవీనా చేతులు కొంచెం పైకి లేపగలిగింది. చెన్నై విమానానికి గురువారం టికెట్లు దొరికాయి. నాకు ఆశ పుట్టింది. ఆ వారమంతా ప్రార్థించాను, ఎవరికీ వినబడకుండా.

ఫ్రెడ్డీని వెతుక్కుంటూ చేపల మార్కెట్టుకి వెళ్ళాను. నిజమంతా చెప్పాను. దెబ్బలు కావు, జబ్బు, నేను పొరబడ్డానన్నాను.

వాడు ఐసు పెట్టె మూత వేసి నన్ను జాలిగా చూశాడు. "దీదీ, నువ్వే కదా రిజిస్టర్‌లో రాసినావు. చర్చిలో నువ్వే కదా చదివినావు. ఇప్పుడు ఆడి జీవితం పాడవుతాదని కాపాడతన్నావు. నీ మనసు మంచిదిలే."

"నిజం చెప్తున్నాన్రా."

"ఆడు తిండి పెట్టక కదా మా అక్క అలా ఎండిపోయింది? కొడితే కదా గొంతు పాడైంది?"

నా మొదటి మాటను ఊరంతా ఒక్క పూటలో నమ్మింది. రెండో మాటను ఒక్కడి చేత కూడా నమ్మించలేకపోయాను. గొంతు సంగతి, ట్యూబు సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పాను. అచ్చా అచ్చా అన్నాడు.

మంగళవారం పొద్దున ప్రయాణం కాగితాల మీద సంతకాలకి యిర్మియా ఆఫీసుకి వెళ్ళాల్సి వచ్చింది. నాకు కేంద్రంలో టీకాల రోజు. రెండు గంటలు కూర్చోమని ఫ్రెడ్డీని యిర్మియాయే బతిమాలాడు. జెట్టీ మీద చెంపదెబ్బ తిన్నాక వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది అదే మొదటిసారి. ఫ్రెడ్డీ వచ్చాడు. వస్తూ ఫ్లాస్కులో గంజి తెచ్చాడు, కొక్కరి చేప ఉడికించిన నీళ్ళు కలిపి. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే లవీనా అలాగే చేసి పెట్టేదట.

తరువాత పక్కమంచం ఆమె చెప్పింది. లవీనా మొదట వద్దందట. తరువాత వాసన చూసి తనే అడిగిందట. పదకొండు రోజులుగా ఆ నోటికి రుచి తగల్లేదు. వార్డు సిస్టర్ మందుల ట్రాలీతో అవతలి గదిలోకి వెళ్ళినప్పుడు వాడు గ్లాసులో పోసి చెంచాతో పట్టించాడట. నాలుగో, ఐదో చెంచాలు. "తిను అక్కా, ఇప్పుడు నిన్నెవరూ ఏటీ అనరు," అన్నాడట. ఆమె దగ్గలేదు. దగ్గే బలం లేదు. కొంచెం గొంతు సవరించుకుని, బాగుందిరా అందట.

సాయంత్రానికి జ్వరం. ఆయాసం. ఎక్స్‌రేలో కుడివైపు ఊపిరితిత్తి కింద భాగం తెల్లగా వచ్చింది. బుధవారం ఆక్సిజన్ పెంచారు, వెంటిలేటర్ పెట్టారు. అసలే పెద్ద మోతాదులో స్టిరాయిడ్ మీదున్న ఒళ్ళు, ఇన్‌ఫెక్షన్‌ని ఎదుర్కొనే శక్తి తక్కువ. శుక్రవారం మధ్యాహ్నం, మా ఆడవాళ్ళు చర్చిలో కూడే వేళకి, లవీనా పోయింది. విమానం ముందు రోజే వెళ్ళిపోయింది.

ఫ్రెడ్డీ గోడకి తల బాదుకుంటూ ఏడ్చాడు. "ఏటైంది దీదీ? మంగళవారం బాగానే ఉంది కదా. నాతో మాటాడింది. ఏటైంది?" అని నన్ను పట్టుకుని ఊపేశాడు. తరువాత యిర్మియా వైపు తిరిగి, "నువ్వే చంపేసినావు," అన్నాడు. వార్డు వరండా నిండా జనం. మా చర్చి వాళ్ళు కూడా ఉన్నారు. అందరూ విన్నారు.

నేను నోరు తెరిచాను. నిజం నా నాలుక చివర ఉంది. యిర్మియా మీద పడుతున్న ఆ చూపులను ఒక్క మాటతో ఆపగలను. గంజి సంగతి చెబితే చాలు.

యిర్మియా నా మోచెయ్యి పట్టుకుని వార్డు లోపలికి తీసుకెళ్ళాడు. లవీనా మంచం పక్క అరలో ఫ్లాస్కు, గ్లాసు, చెంచా ఇంకా ఉన్నాయి. గ్లాసు అడుగున గంజి ఎండి అట్టకట్టింది. అతనికి మంగళవారం సాయంత్రమే తెలుసు. ఎవరితోనూ అనలేదు.

"సెప్పకు సిస్టర్," అన్నాడు.

"నిన్ను హంతకుడంటున్నాడు యిర్మియా. అందరి ముందూ."

"అననీ. నానైతే సెయ్యనేదని నాకు తెలుసు, ఆ యమ్మికి తెలుసు. ఎలాగో బతుకుతాను. ఆడు నిజంగానే పోసినాడు. అది తెలిస్తే బతకడు. ఆ యమ్మి పెంచిన పిల్లడు ఆడు."

అతను గ్లాసు, చెంచా వాష్‌బేసిన్ దగ్గరికి పట్టుకెళ్ళాడు. గోటితో గీకి గీకి కడిగాడు. ఫ్లాస్కు కూడా కడిగి, తుడిచి నా చేతికిచ్చాడు.

బయటికొచ్చి ఫ్లాస్కు ఫ్రెడ్డీకి ఇచ్చాను. "జబ్బు ముదిరిందిరా," అన్నాను. వాడు ఫ్లాస్కు గుండెకి హత్తుకుని, ఆఖరికి నా చేతి ముద్దైనా తిన్నది దీదీ అని ఏడుస్తున్నాడు. అవునన్నాను.